డబ్బాలో దాచిన దారం ముద్దలు

"మిషన్ బాగానే ఉండాదక్కా, నీ చెయ్యే బాగలేదు" అన్నాడు ఆత్మకూరు మెకానిక్. ఆ మాట అన్నప్పుడు షాపులో ముగ్గురు ఉన్నారు. చేజర్ల నుంచి మిషన్ బెల్టు కోసం వచ్చిన ఒకాయన, తన వంతు కోసం స్టూలు మీద కూర్చున్న ఒక ముసలామె, దారపు రీళ్ళు అమ్మే కౌంటరు దగ్గర పసుపు చుడీదారు వేసుకున్న అమ్మాయి. ముగ్గురూ విన్నారు. చేజర్లాయన నవ్వాడు కూడా. ఇదంతా నాకు నిన్న జరిగినట్టుగా ఉంటుంది. ఇలాంటివి మరిచిపోవడం మంచిదని మా ఇంట్లో వాళ్ళు చాలాసార్లు చెప్పారు. మరిచిపోయి ఉంటే ఈ సంగతి తేలేది కాదు. అందుకే రాస్తున్నాను.

మాది ఉదయగిరి. మా ఆయన చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. నేను జాకెట్లు కుడతాను. పెళ్ళికి ముందు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. ముప్పై ఏళ్ళు ఒకే నల్ల మిషన్, కాలితో తొక్కేది. రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాయి. తొక్కుడు మానమని డాక్టరు చెప్పాడు. కుట్టు మానమని చెప్పలేదు కాబట్టి ఆత్మకూరు వెళ్ళి కరెంటు మిషన్ తెచ్చుకున్నాను. తెల్లగా, పెట్టెలా ఉంటుంది. పిడి పట్టుకుని బస్సులో తెచ్చుకోవచ్చు. పాత మిషన్ కొండాపురంలో ఉన్న మా చెల్లెలికి ఇచ్చేశాను. ఇక వెనక్కి అడిగే పని లేదు. అంటే కొత్తది కుట్టకపోతే నా కుట్టు పని అక్కడితో సరి.

ఇక్కడ మా అమ్మ నేర్పిన ఒక పద్ధతి గురించి చెప్పాలి. పని ముగించి లేచేటప్పుడు మిషన్ పాదం కింద ఒక బట్ట పేలిక పెట్టి, పాదం దించి, అప్పుడు లేవాలి. బట్టను నొక్కి పట్టే ఆ ఇనప పాదం, కింద బట్టను జరిపే వట్టి పళ్ళ మీద ఆనకూడదు, అరుగుతాయి. అలాగని పైకి ఎత్తి వదిలేసినా ఆమె ఒప్పుకునేది కాదు. "పాదం ఎత్తి పెట్టిన మిషన్ నోరు తెరుచుకోని నిద్రపోయే మనిషి మాదిరి ఉంటాదే, చూడను బాగుండదు" అనేది. అందుకే పొద్దున కూర్చునేసరికి మా మిషన్ పాదం ఎప్పుడూ దించే ఉంటుంది, కింద పేలిక ఉంటుంది. అలాగే దారం ఎక్కిస్తాం, అలాగే సూదిలోకి గుచ్చుతాం, ఆ పేలిక మీదే నాలుగు కుట్లు వేసి చూసి, తర్వాత అసలు బట్ట పెడతాం. రోజు మధ్యలో రంగు మార్చినా అంతే. ముప్పై ఏళ్ళలో ఆ నల్ల మిషన్ ఒక్కసారి కూడా ఇందుకు పేచీ పెట్టలేదు.

కొత్త మిషన్ కొన్న రోజు మెకానిక్కే దారం ఎక్కించి, కుట్టి చూపించాడు. ముత్యాల్లాంటి కుట్టు. ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున నేను దారం ఎక్కించి మోటారు పెడల్ మీద కాలు పెట్టాను. నాలుగు కుట్లు పడ్డాయో లేదో గర్రుమని ఆగిపోయింది. పాదం ఎత్తి పేలిక లాగితే రాలేదు. కింద సూది దిగే పళ్ళెం రంధ్రంలోకి బట్ట గుంజుకుపోయి ఉంది. కత్తెర మొన దూర్చి, కోసి, బయటికి తీస్తే బట్ట కింద పిచ్చుక గూడంత దారం ముద్ద. పైన చూస్తే కుట్టు మామూలుగానే ఉంది, దారం కొంచెం తిన్నగా పడుకున్నట్టుంది అంతే. కింద మాత్రం నవ్వులపాలు.

మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ అదే. కింది దారం ఉండే బాబిన్ తీసి మళ్ళీ చుట్టి పెట్టాను, అదే. ముద్ద కింద కదా, తప్పు కింద ఉండే బాబిన్‌దే అనుకోవడం సహజం. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మెకానిక్కూ అదే అనుకున్నాడు, అతనిది అదే వృత్తి అయినా.

మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు మెకానిక్ సూది వంగిందన్నాడు. కొత్త సూది వేసి, తెల్ల దారం పైనా కిందా పెట్టి, ఒక గుడ్డ మీద జర్రున కుట్టి చూపించాడు. ముద్ద లేదు. తెచ్చుకున్నాను. ఆ తెల్ల దారంతోనే రెండు లంగాలు కుట్టాను, చక్కగా వచ్చాయి. మర్నాడు ఒక ఎర్ర జాకెట్ పట్టుకున్నాను. పైన ఎర్ర దారం ఎక్కించాను. లోపలి కుట్టే కదా, కనపడదని బాబిన్‌లో తెల్లదే ఉంచేశాను. పెడల్ తొక్కాను. గర్రు. ముద్ద.

ఆ ముద్దను నేను పారేయలేదు. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంటే అందులో వేశాను. తర్వాత వచ్చినవీ వేశాను. మా ఆయన చూసి, "ఏందే, దారం ముద్దలు దాచిపెడతా ఉండావు, ఊరగాయ పెడతావా?" అన్నాడు.

"సాక్ష్యం" అన్నాను.

"యాడ, కోర్టులోనా?"

"ఆత్మకూరులో."

రెండోసారి ఆ డబ్బా కూడా తీసుకెళ్ళాను. కౌంటరు మీద ముద్దలు వరసగా పెట్టాను. మెకానిక్ వాటి వైపు ఒకసారి చూసి, దుమ్ము తుడిచే గుడ్డతో పక్కకి తోసేశాడు. కింద పడ్డాయి. "చవక దారం వాడితే ఇట్నే ఉంటాదక్కా. మంచి దారం వాడు" అని, తన దగ్గరి క్రీము రంగు రీలు ఎక్కించాడు. బాబిన్ కేసు కూడా మార్చాడు. కుట్టాడు. బ్రహ్మాండంగా కుట్టింది. నేను కిందికి వంగి, నొప్పి మోకాళ్ళతో, నా ముద్దలన్నీ ఏరుకుని డబ్బాలో వేసుకున్నాను.  ఆ తుడుపు గుడ్డ ఏ రంగుదో నాకు గుర్తుంది. నీలం గళ్ళది.

క్రీము దారంతో ఒక రోజంతా బాగా కుట్టింది. మరుసటి రోజు అదే షాపులో కొన్న మంచి దారంలోనే నీలం రీలు ఎక్కించాను. ముద్ద.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. అతను ఎక్కించిన దారం ఉన్నంతసేపు బాగా కుడుతుంది, నేను మార్చిన వెంటనే పాడవుతుంది. ఈ సంగతి నాకు కనపడకపోలేదు. కానీ నేను దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాను. ఆ మనిషి షాపులో ఏదో తాత్కాలికంగా సర్ది పంపిస్తున్నాడు, ఇంటికి వచ్చాక అది జారిపోతోంది అనుకున్నాను. కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాడి తప్పే ముందు కనిపిస్తుంది. అది నేను ఒప్పుకుంటాను.

మూడోసారి మెకానిక్కు చెప్పాను. "నువ్వు కుడితే కుడతాది. నేను కుడితే కుట్టదు. నా ముందర నువ్వు కాదు, నీ ముందర నేను కుడతా. చూడు."

"కుట్టక్కా" అని దారం ఎక్కించాడు. నన్ను కూర్చోబెట్టాడు. "మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలు వెనక్కి పట్టుకో. వదిలేస్తే కిందికి గుంజుకోని ముద్ద కడతాది" అన్నాడు.

ముప్పై ఏళ్ళు కుట్టినదానికి కొసలు పట్టుకోమని చెప్పడం! ఆ పని మా అమ్మ నాకు మొదటి రోజే నేర్పింది. అది నిజమే, పట్టుకోకపోతే మొదట్లో చిక్కు పడుతుంది. కానీ నేను ఎప్పుడు పట్టుకోలేదు గనక? అయినా పట్టుకుని కుట్టాను. బట్ట ఇటు చివర నుంచి అటు చివరదాకా నీళ్ళలా పోయింది. తిప్పి చూస్తే కిందా పైనా ఒక్క తీరు. ముద్ద లేదు, వదులు లేదు.

 నేను నా చేత్తో కుట్టాను, కుట్టింది. అప్పుడన్నాడు ఆ మాట. "మిషన్ బాగానే ఉండాదక్కా, నీ చెయ్యే బాగలేదు. వయసు వస్తే ఎవురికైనా అంతే." వయసు సంగతి కూడా కలిపాడు. చేజర్లాయన నవ్వింది దానికే.

బస్సులో ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజు అన్నం తినలేదు. అతను అన్నది నిజమేమో అన్న భయం మొదటిసారి పట్టుకుంది. నా చెయ్యి పోతే నాకింకేం ఉంది?

ఆ వారమే మా వీధి చివర పెద్దింటి కోడలు పట్టుచీర తెచ్చింది. నాలుగు తరాలుగా ఊళ్ళో మాట చెల్లే ఇల్లు. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరి జాకెట్లూ నేనే కుడతాను, ఆమె అత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పటి నుంచీ. చీర మామిడి చిగురు రంగు, జాకెట్ గుడ్డ చీరకే కలిసి వచ్చింది. పాడైతే మళ్ళీ దొరికే గుడ్డ కాదు.

"శుక్రవారం తమ్ముడి నిశ్చితార్థం పెద్దమ్మా. మా ఆడబిడ్డ నెల్లూరులో కుట్టియ్యమనింది. అత్త ఒప్పుకోలా. పెద్దమ్మే కుట్టాల అనింది" అంది ఆమె.

అంటే ఇది పాడైతే ఆ ఇల్లు నెల్లూరు దారి పడుతుంది. ఆ ఇల్లు పోతే వీధి పోతుంది. ఆ తర్వాత వేసవిలో పిల్లల లంగాలు కుట్టుకుని కూర్చోవాలి.

బుధవారం కూర్చున్నాను. పట్టుకు సన్న సూది కావాలి. మామూలు సూది విప్పి సన్నది బిగించాను. వేళ్ళు పట్టాలంటే పాదం అడ్డం, అందుకని పాదం ఎత్తి పెట్టాను. ఆ ఎత్తిన పాదంతోనే మామిడి చిగురు దారం ఎక్కించాను. తర్వాత పేలిక పెట్టి కుట్టి చూశాను. ముద్ద రాలేదు. మళ్ళీ చూశాను. రాలేదు. ఊపిరి పీల్చుకుని భుజాలు కలిపాను, పక్కలు కలిపాను, చేతులు ఎక్కించాను. అంతా బాగానే వచ్చింది. ఇక మెడ అంచుకు సన్న గుడ్డ పట్టీతో పైపింగ్ వేయడం ఒక్కటే మిగిలింది.

అక్కడ బాబిన్ అయిపోయింది. ఆ రంగు రీలు నా దగ్గర ఒకటే ఉంది. పై దారం తీసేసి, అదే రీలుతో బాబిన్ చుట్టుకున్నాను. పైపింగ్ మొదలుపెట్టే చోటు కదలకుండా జాకెట్‌ను సూది కింద సర్దిపెట్టి, పాదం దించాను. పాదం పట్టుకుని ఉంది కదా అని నిదానంగా పై దారం ఎక్కించాను. కొసలు రెండూ వెనక్కి పట్టుకున్నాను. పెడల్ తొక్కాను.

గర్రు.

 పాదం ఎత్తితే జాకెట్ రాలేదు. సరిగ్గా వెనక మెడ దగ్గర, భుజం కుట్టు పక్కన, పట్టు పళ్ళెం రంధ్రంలోకి దిగబడి ఉంది. లాగితే చిరుగుతుంది. పేలిక అయితే కత్తెర దూర్చి కోసేదాన్ని. ఇది పట్టు. పైగా చెయ్యి బాగలేదన్న మాట చెవిలో ఉంది.

"నేను ఆత్మకూరు పోతా. ఇట్నే తీసకపోయి అతని మొహాన పెడతా" అన్నాను.

మా ఆయన అరుగు మీద గరిటె చెక్కుతున్నవాడు ఉలి ఆపాడు. "పట్టు జాకెట్టు యాలాడేసుకోని బస్సు ఎక్కతావా? ఆడికి పొయ్యేలోపల ఆ రోడ్డు గుంతల్లో అదే చినుగుతాది. ఎదురుగా మనిషి ఉండాడు గదా, యాభై ఏళ్ళు మిషన్ తొక్కినోడు. ఆయన్ని అడగడానికేం వచ్చింది నీకు?"

ఏం వచ్చిందో మా ఆయనకు బాగా తెలుసు. మా ఇంటి ఎదురుగా ప్యాంట్లు, చొక్కాలు కుట్టే పెద్దాయన దుకాణం ఉంది. అప్పటికి పదకొండేళ్ళ కిందట నేను ఇంటి ముందు 'జాకెట్లు కుట్టబడును' అని బోర్డు పెట్టిన రోజు, ఆయన ఒక గిరాకీతో, "ఈ కాలాన సూది పట్టుకున్నోళ్ళంతా టైలర్లే" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూసే అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ దుకాణం వైపు నడవను, చివరికి పాలకు వెళ్ళినా వీధి ఇటు పక్కనే వెళతాను.

"నేను రాను" అన్నాను.

"నువ్వు రాబాక. జాకెట్టు వస్తాది" అని మా ఆయన వైరు పీకి మిషన్ ఎత్తాడు. జాకెట్ అందులో చిక్కి ఉంది. అది వేలాడి బరువుకు చిరగకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. పట్టుకునేవాళ్ళు నేను తప్ప ఎవరున్నారు? అలా పదకొండేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కాను. మా ఆయన మిషన్‌తో ముందు, నేను జాకెట్‌తో పక్కన, ఒకే అడుగులో. పోయేముందు ఎందుకో డబ్బా కూడా చంకలో పెట్టుకున్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. "పట్టా? లాగబాకండి" అన్నాడు. ముందు చేత్తో చక్రం తిప్పి సూదిని పూర్తిగా పైకి తెచ్చాడు. పై దారం సూది దగ్గర కత్తిరించాడు. కింది మూత తీసి బాబిన్ కేసు బయటికి తీశాడు. పళ్ళెం మరలు రెండూ వదులు చేసి కొంచెం పైకి లేపాడు. ఆ సందులోకి బ్లేడు పడుకోబెట్టి, ఇనుముకు ఆనించి, దారాలను ఒక్కొక్కటే కోశాడు. బ్లేడు ఒక్కసారి కూడా బట్ట వైపు తిరగలేదు. కాసేపటికి జాకెట్ నా చేతుల్లోకి వచ్చింది, కింద ముద్దతో సహా. ముద్ద దారాలు గోటితో పీకి తీశాక చూస్తే, పట్టు మీద రెండు సూది చిల్లులు, సన్నటి ముడత. పైపింగ్ కిందికి పోతాయి. చిరగలేదు.

నేను అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

"ఎన్నాళ్ళబట్టి ఇట్ట చేస్తా ఉండాది?" అని అడిగాడు.

చెప్పాను. మూడుసార్లు ఆత్మకూరు పోయిన సంగతి, సూది, దారం, బాబిన్ కేసు అన్నీ. చెయ్యి బాగలేదన్నది మాత్రం చెప్పలేదు. డబ్బా తెరిచి ముద్దలు బల్ల మీద పోశాను. ఈయన తుడిచేయలేదు. ఒకటి తీసి వెలుతురు వైపు పట్టాడు. ఎర్రది.

"ఇది కుట్టినప్పుడు బాబిన్‌లో ఏ దారం ఉండె?"

"తెల్లది."

"ఖాయంగా?"

"నేను మరిచిపోను."

"అది నిజమే" అన్నాడు మా ఆయన పక్క నుంచి.

పెద్దాయన ఆ ముద్దను గోళ్ళతో విప్పాడు. "చూడమ్మాయ్. ఇది బట్ట కింద కట్టిన ముద్ద. దీంట్లో తెల్ల దారం ఒక్క పోగు ఉండాది, అదీ తిన్నగా. పోగయ్యిందంతా ఎర్రదే. ఎర్రది యాడుండె?"

"పైన."

"మరి అంతా కింద బాబిన్ చూసినారే! బాబిన్ తప్పయితే తెల్లదే ముద్ద కట్టాల గదా. పై దారానికి బిగువు లేదు. బిగువు లేకుంటే బాబిన్ చుట్టూ తిరిగే కొక్కెం దాన్ని కిందికి గుంజుకోని పోతాది గానీ మళ్ళీ పైకి లాగలేదు. అందుకని అంతా కిందే పోగవతాది."

ముప్పై ఏళ్ళలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నల్ల మిషన్ ఎప్పుడూ ఆ అవసరం రానివ్వలేదు.

"ఎక్కించు చూద్దాం" అన్నాడు. మిషన్ తన బల్ల మీద పెట్టి వైరు తగిలించాడు. నేను పేలిక ఒకటి పాదం కింద పెట్టి, పాదం దించి, రీలు నుంచి దారం తీసుకోబోయాను.

"ఆగు. పాదం ఎందుకు దించినావు?"

"మేమట్నే ఎక్కిస్తాము."

"ఎవురు మీరు?"

"మా అమ్మ. నేను."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వి ఉంటే ఇది కూడా నా లెక్కలో చేరేది. నవ్వలేదు. "మీ పాత మిషన్‌కి దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళలు బయటే ఉంటాయి. దారాన్ని రెండు చేతుల్తో వాటి మధ్యన లాగి కూర్చోబెడతావు. పాదం దించినా ఎత్తినా కండ్లకి కనపడతా ఉంటాది. దీనికి బిళ్ళలు లోపల ఉండాయి. పాదం ఎత్తితే తెరుచుకుంటాయి, దించితే మూసుకుంటాయి. మూసుకున్నాక నువ్వు దారం వేస్తే అది మధ్యలోకి పోదు, పైన పడుకుంటాది. నీకు ఎక్కినట్టే ఉంటాది."

"మొదట భుజాలు బాగానే కుట్టింది గదా, ఈ పొద్దే" అన్నాను.

"అప్పుడేం చేసినావు?"

నేను ఆలోచించాను. సన్న సూది. పాదం ఎత్తాను. ఎత్తే దారం వేశాను. బాబిన్ చుట్టాక దించి వేశాను. చెప్పాను.

"అంతే మరి" అన్నాడు.

పాదం దించి ఉండగానే నా చేత దారం ఎక్కించి, సూది దగ్గర కొస పట్టుకుని లాగించాడు. జారుగా వచ్చింది, చేతికి బరువే లేదు. తర్వాత పాదం ఎత్తించి, మొదటి నుంచి ఎక్కించి, అప్పుడు దించి లాగమన్నాడు. దారం బిగిసి సూదే వంగింది. రెండింటికీ ఉన్న తేడా గుడ్డివాళ్ళకు కూడా తెలుస్తుంది. ఎక్కించిన ప్రతిసారీ ఒక్క లాగు లాగి చూసుకోమన్నాడు.

పైపింగ్ అక్కడే, ఆయన బల్ల మీదే వేశాను. కొసలు పట్టుకుని మొదలుపెట్టాను. మెడ చుట్టూ తిరిగి మొదటికి వచ్చింది. కింద చూశాను. పైన ఎలా ఉందో అలాగే ఉంది. ఆయన అద్దాలు దించి మెడ వంపు చూశాడు. "చెయ్యి మంచిదే" అన్నాడు. ఆత్మకూరు మాట ఆయనకు తెలియదు, మామూలుగానే అన్నాడు.

లేచి వచ్చేముందు నేను అడిగాను. "అన్నా, మేము బోర్డు పెట్టిన నాడు మీరు ఒక మాట అన్నారు."

"ఏ మాట?"

చెప్పాను.  "నాకు గుర్తు లేదమ్మాయ్. అని ఉంటా. ఆ కాలాన గిరాకీ తగ్గిపోతా ఉండె, నోటికి అడ్డం లేదు."

"నాకు గుర్తుండాది" అన్నాను. చెప్పాలనిపించింది, చెప్పాను. ఆయన తల ఊపాడు. మా ఆయన మిషన్ ఎత్తుకుని తొందర తొందరగా బయటికి నడిచాడు.

శుక్రవారం పెద్దింటి కోడలు జాకెట్ వేసుకుని మా ఇంటి ముందు నుంచే కారెక్కింది. వెనక మెడ నేను చూశాను. ఆ చోటు నాకు తెలుసు కాబట్టి చూశాను, ఇంకెవరికీ కనపడదు. ఆదివారం వాళ్ళ అత్త ఇంకో రెండు గుడ్డలు పంపింది.

సోమవారం ఆత్మకూరు బస్సెక్కాను. మిషన్ తీసుకెళ్ళలేదు. డబ్బా ఒక్కటే. మా ఆయన, "మిషన్ కుడతా ఉండాది గదా, ఇంకా ఎందుకే పోవడం?" అని అడిగాడు. మిషన్ కోసం కాదన్నాను.

షాపులో పసుపు చుడీదారు అమ్మాయి ఆ రోజు ఆకుపచ్చది వేసుకుని ఉంది. చేజర్లాయన ఎలాగూ ఉండడు. కౌంటరు ముందు కొత్త మిషన్ చూసుకుంటున్న ఒక తల్లీ కూతురూ ఉన్నారు. మెకానిక్ నన్ను చూసి, "మళ్ళీ ఏందక్కా?" అన్నాడు.

"మిషన్ బాగుండాది. నువ్వు ఒక పని చెయ్యి. ఆ చూపించే మిషన్‌కి పాదం దించి, తర్వాత దారం ఎక్కించి కుట్టు."

"పాదం దించి ఎవురన్నా దారం ఎక్కిస్తారా?"

"చేసి చూడు."

తల్లీ కూతురూ చూస్తున్నారు కాబట్టి చేశాడు. నాలుగు కుట్లకు గర్రుమంది. బట్ట తీస్తే కింద ముద్ద. నేను డబ్బా తెరిచి దాని పక్కన నావి పెట్టాను. అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"నేను అట్నే ఎక్కిస్తాను. మా పాత మిషన్‌కి అట్నే ఎక్కిస్తాము. అది నాకు తెలియకపోవడం నా తప్పే. మూడుసార్లు వచ్చినాను. మూడుసార్లూ నువ్వే ఎక్కించినావు. 'నువ్వు ఎక్కించక్కా, చూస్తా' అని ఒక్కసారి అన్నావా?"

అతను సూది కింద చిక్కుకున్న దారాలు కోసుకుంటూ, "అయితే తప్పు మీ ఎక్కించడంలోనే గదా" అన్నాడు.

అప్పుడు దారాల కౌంటరు దగ్గరి అమ్మాయి అంది. "ఆ రోజు చెయ్యి బాగలేదన్నావు గదన్నా ఈమెనే. చెయ్యి బాగానే ఉండాది గదా."

ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు, అడగలేదు. మెకానిక్ ఆమె వైపు కోపంగా చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా, "చెయ్యి బాగానే ఉండాదిలే. ఎవురు కాదన్నారు" అన్నాడు.

అన్నది నువ్వే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా కొనడానికి వచ్చిన తల్లి, "పాదం సంగతి ఏందమ్మా అది? మాకూ చెప్పు" అని అడిగింది. ఆమె ఇంట్లోనూ పాత నల్ల మిషనే ఉందట, ఆమె కూడా పాదం దించే ఎక్కిస్తుందట. నేను వాళ్ళను ఆ మిషన్ ముందు కూర్చోబెట్టి, పాదం ఎత్తించి, దారం ఎక్కించి, దించి, కొస లాగించి చూపించాను. సూది వంగింది. "ఇట్ట వంగితేనే కుట్టు" అని చెప్పాను. మెకానిక్ పక్కనే నిలబడి విన్నాడు. 

ఇప్పటికీ పని ముగించి లేచేటప్పుడు పేలిక పెట్టి పాదం దించే లేస్తాను. మా అమ్మ నేర్పిన దాంట్లో తప్పు లేదు. పొద్దున కూర్చోగానే మాత్రం ముందు పాదం ఎత్తుతాను, తర్వాతే రీలు ముట్టుకుంటాను.